నూట ఇరవై గంటల పనికి ధరెంత?

మందుల డిస్ట్రిబ్యూటర్ గొడౌన్‌కి ఎప్పుడు వెళ్లినా ఒక మూల అట్టపెట్టెలు పేరుకుని కనిపిస్తాయి. మెడికల్ షాపుల నుంచి వెనక్కొచ్చిన ఎక్స్‌పైరీ సరుకు అది. షాపులో అమ్ముడుపోకుండా గడువు తీరిన మందును షాపు యజమాని డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపుతాడు. డిస్ట్రిబ్యూటర్ దాన్ని కంపెనీకి పంపి క్లెయిమ్ పెడతాడు. కంపెనీ ఆ మేరకు క్రెడిట్ నోట్ ఇస్తుంది. చిక్కల్లా నిబంధనలతోనే. గడువు తీరాక ఎన్నాళ్లలోపు పంపాలి, బ్యాచ్ నంబరు ఎలా చూపాలి అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఆ తేదీ దాటిందంటే పెట్టెలో ఉన్నది ఇక సరుకు కాదు, చెత్త. నష్టం డిస్ట్రిబ్యూటర్‌దే.

ఇప్పుడు ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. అంకెలన్నీ లెక్క కోసం వేసుకున్నవే. విజయవాడలో నెలకు నాలుగు కోట్ల వ్యాపారం చేసే డిస్ట్రిబ్యూటర్ ఒకాయన ఉన్నాడు. సొంతంగా పనులు చేసుకునే ప్రోగ్రామర్ ఒకతణ్ణి పిలిచి, ఎక్స్‌పైరీ సరుకు లెక్క చూసే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలన్నాడు. ఇప్పటికే వాడుతున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి బ్యాచ్ వివరాలు తీసుకుని, ఏ కంపెనీ సరుకు ఏ తేదీలోపు పంపాలో ముందే చెప్పాలి. పని మన ప్రోగ్రామర్‌కు తెలిసిందే, 120 గంటలు పడుతుంది. గంటకు 1,200 రూపాయల చొప్పున 1,44,000 అవుతుంది. చాలామంది ఇక్కడే ఆగి కొటేషన్ పంపేస్తారు.

ఆ అంకెలో తప్పేమీ లేదు గానీ, అది చెప్పేది ప్రోగ్రామర్ సంగతి మాత్రమే. డిస్ట్రిబ్యూటర్‌కు ఏం మిగులుతుందో అందులో ఎక్కడా లేదు. పైగా ఈ పద్ధతిలో పనితనం పెరిగేకొద్దీ ఆదాయం తగ్గుతుంది. ఇలాంటి పని ఇదివరకే చేసి ఉండి, ఈసారి 70 గంటల్లో ముగించాడనుకోండి, అతని చేతికి వచ్చేది 84 వేలు. అదే పనిని తడుముకుంటూ 200 గంటలు చేసినవాడికి 2,40,000 వస్తాయి. ఇద్దరి సాఫ్ట్‌వేరూ డిస్ట్రిబ్యూటర్‌కు మిగిల్చే డబ్బు ఒక్కటే.

పని చేసేవాడి గంటలు కాక, చేయించుకునేవాడికి మిగిలేదాన్ని చూసి ధర కట్టడాన్ని విలువ ఆధారిత ధర అంటారు. లాభంలో ఇంత వాటా అని గాల్లో ఓ శాతం వేసుకోవడం కాదిది. ముందు ఆ లాభమెంతో కనిపెట్టాలి.

ధర అడిగినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

మొదటి మాటల్లోనే ధర ప్రస్తావన వస్తుంది. మన డిస్ట్రిబ్యూటర్ కూడా కుర్చీ చూపించి అదే అడిగాడు.

“ఎంతవుద్దో చెప్పండి. మరీ ఎక్కువైతే మాత్రం మావల్ల కాదు.”

“చెప్తాను సార్. ముందు ఒక్క మాట. పోయిన ఏడాది ఎక్స్‌పైరీ క్లెయిముల్లో ఎంత రాలేదు మీకు?”

“కొంత పోతూనే ఉంటది లెండి. ఈ లైన్లో మామూలే.”

“ఆ కొంత అంటే సుమారుగా ఎంత? రెండు లక్షలా, ఇరవై లక్షలా?”

ఆయన గుమాస్తాను కేకేశాడు. గుమాస్తాకూ తెలియదు. క్లెయిముల రిజిస్టరు ఒకచోట, వచ్చిన క్రెడిట్ నోట్ల ఫైలు ఇంకోచోట ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు.

ఇక్కడ ప్రోగ్రామర్ ధర చెప్పకపోవడమే సరైన పని. జబ్బేమిటో తెలియకుండా మందుకు ధర కట్టలేడు. అందుకని మొదట చిన్న పని ఒప్పుకున్నాడు. గడిచిన 12 నెలల రిజిస్టరు, క్రెడిట్ నోట్లు సరిపోల్చి, డబ్బు ఎక్కడ జారిపోతోందో నివేదిక ఇస్తాడు. దానికి 40 వేలు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఇతని చేతే చేయించుకోవాలన్న నిర్బంధం లేదు. ఈ పని ఊరికే చేయకూడదు. డబ్బిచ్చి తెప్పించుకున్న అంకెను యజమాని నమ్ముతాడు, ఉచితంగా వచ్చిన అంకెను అమ్మకపు మాట అనుకుంటాడు.

నివేదికలో తేలింది ఇది. ఏడాదిలో 60 లక్షల ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి వచ్చింది. అందులో 38 లక్షలకు క్రెడిట్ నోట్లు వచ్చాయి, 22 లక్షలు రాలేదు. ఆ 22లో 14 లక్షలు గడువు దాటాక పంపినవి. 4 లక్షలు బ్యాచ్ వివరాలు కుదరక తిరస్కరించినవి. మిగతా 4 లక్షలు కంపెనీలు అసలు వెనక్కి తీసుకోని రకం సరుకు. చివరి నాలుగింటిని ఏ సాఫ్ట్‌వేరూ రాబట్టలేదు. కాబట్టి చేతికి అందే అవకాశమున్నది 18 లక్షలు.

ఆ 18 మొత్తం వస్తుందని చెప్పినవాణ్ణి ఏ వ్యాపారీ నమ్మడు. షాపులు సరుకు ఆలస్యంగా పంపుతాయి, గుమాస్తా సెలవు పెడతాడు, లారీ ఆలస్యమవుతుంది. అందుకని “ఇందులో ఎంత వస్తుందని మీరనుకుంటున్నారు సార్?” అని యజమానినే అడగాలి. ఆయన “సగం వచ్చినా చాలు” అన్నాడు. ఇప్పుడు ఆ 9 లక్షలు ప్రోగ్రామర్ వేసిన అంకె కాదు, యజమాని నోటి నుంచి వచ్చిన అంకె. బేరం మొదలయ్యాక ఈ తేడా బాగా అక్కరకొస్తుంది.

ఈ రంగంలో ఎక్కువగా చదివే రచయితల్లో అమెరికన్ కన్సల్టెంట్ అలన్ వైస్ ఒకడు. ధర చెప్పే ముందు క్లయింటుతో మూడు విషయాలు ఖాయం చేసుకోవాలంటాడు. సాధించాల్సింది ఏమిటి, సాధించామని దేన్ని చూసి తెలుస్తుంది, సాధిస్తే దాని విలువ ఎంత. మన ఉదాహరణలో మూడూ తేలాయి. క్లెయిములు గడువులోపు వెళ్లాలి, ప్రతినెలా క్రెడిట్ నోట్ల మొత్తం చూడాలి, విలువ ఏడాదికి 9 లక్షలు.

పైకప్పు 9 లక్షలు కాదు

ఈ పద్ధతి కొత్తగా నేర్చుకున్నవారు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 9 లక్షలు మిగులుతాయి కదా, మూడో వంతు అడుగుదాం అనుకుంటారు. కానీ కొనేవాడు మీ ధరను తనకు వచ్చే లాభంతో మాత్రమే పోల్చడు. మీరు లేకపోతే ఏం చేస్తాడో దానితో కూడా పోలుస్తాడు. థామస్ నేగల్ లాంటి ధరల నిపుణులు చెప్పే ఆర్థిక విలువ అదే. కొనేవాడికి అందుబాటులో ఉన్న మరో మంచి మార్గం ఖరీదు ఎంత, దానికన్నా మీది ఎంత మెరుగు అనేవే ఆ లెక్కకు రెండు కాళ్లు.

మన డిస్ట్రిబ్యూటర్‌కు ఉన్న రెండో మార్గం, ఈ పనికే ఇంకో గుమాస్తాను పెట్టుకోవడం. నెలకు 20 వేల జీతం, ఏడాదికి 2,40,000. శ్రద్ధగా చూస్తే 18 లక్షల్లో మూడో వంతు, అంటే 6 లక్షలు రాబడతాడు. జీతం పోగా యజమానికి మిగిలేది 3,60,000.

సాఫ్ట్‌వేర్ వల్ల 9 లక్షలు వస్తాయి. అయితే స్కానర్లు, ఉన్న మనుషుల సమయం కలిపి లోపలి ఖర్చు ఏడాదికి లక్ష ఉంటుంది. ప్రోగ్రామర్ ధర తీయకముందు మిగిలేది 8 లక్షలు. గుమాస్తా మార్గంతో తేడా 4,40,000. మొదటి ఏడాదినే లెక్కలోకి తీసుకుంటే ప్రోగ్రామర్ అడగగలిగిన ధరకు పైకప్పు అదే. అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువైనా, ఆ ఏడాది వరకు గుమాస్తాను పెట్టుకోవడమే యజమానికి లాభం.

కింది హద్దు ప్రోగ్రామర్‌ది. 1,44,000 కన్నా తక్కువకు చేస్తే ఇంకోచోట సంపాదించుకోగలిగింది వదులుకున్నట్టు. గంటల లెక్కకు ఇక మిగిలిన ఉద్యోగం ఇదొక్కటే, నేలెక్కడుందో చూపడం. ధర 1,44,000కూ 4,40,000కూ మధ్య ఎక్కడో ఉంటుంది.

ప్రోగ్రామర్ 3,20,000 అడిగాడు. మొదటి ఏడాది యజమానికి 4,80,000 మిగులుతుంది, గుమాస్తా మార్గం కన్నా 1,20,000 ఎక్కువ. నెలకు సుమారు 67 వేల చొప్పున చూస్తే పెట్టిన డబ్బు ఐదు నెలల్లో తిరిగొస్తుంది. రెండో ఏడాది నుంచి చిన్నచిన్న నిర్వహణ ఖర్చులు తప్ప లాభమంతా ఆయనదే. పైకప్పు దాకా వెళ్లకుండా ఈ ఖాళీ వదలడం మొహమాటం వల్ల కాదు. కొత్త పద్ధతికి మారడంలో యజమానికి కష్టం, అనుమానం రెండూ ఉంటాయి. వాటికీ ఒక ఖరీదు ఉంది.

రాతపూర్వకమైన ప్రతిపాదనలో రెండు మార్గాలు పెట్టాడు. మొదటిది సాఫ్ట్‌వేర్, మూడు నెలల మరమ్మతు బాధ్యత, 3,20,000. రెండోది దానికి తోడు ఏడాదిపాటు ప్రతినెలా క్లెయిములు కూర్చుని చూసి, ఆగిపోయినవాటిని కదిలించడం, 5 లక్షలు. నెలనెలా చూస్తే రాబడి సగం నుంచి మూడింట రెండొంతులకు, అంటే 12 లక్షలకు చేరుతుందని ఇద్దరూ ఒప్పుకున్న అంచనా. అప్పుడు లోపలి ఖర్చు లక్ష, ధర 5 లక్షలు పోగా మొదటి ఏడాదే 6 లక్షలు మిగులుతాయి. ఇలా రెండు మార్గాలు ఎదురుగా ఉంటే యజమాని ఆలోచన ఇతనికి పని ఇవ్వాలా వద్దా అన్న దగ్గర నుంచి ఏది తీసుకోవాలి అన్న దగ్గరకు వస్తుంది.

ఆ కాగితంలో 120 గంటలు అన్న మాట లేదు. దాపరికం కోసం కాదు. గంటలు రాస్తే బేరం గంటల మీదే జరుగుతుంది.

రెండున్నరకు చేస్తారా?

బేరం మాత్రం జరిగింది. యజమాని “రెండున్నర చేసుకోండి” అన్నాడు. ఇక్కడ ఊరికే తగ్గిస్తే అంతకుముందు చెప్పిన లెక్కంతా అబద్ధమైపోతుంది. ధర తగ్గాలంటే పని తగ్గాలి. నివేదిక ప్రకారం నష్టంలో ఎక్కువ భాగం పది పన్నెండు కంపెనీల దగ్గరే ఉంది. “ఆ పన్నెండు కంపెనీల వరకే చేస్తే రెండున్నరకు చేస్తాను సార్. మిగతావి మీ గుమాస్తా ఇప్పటిలాగే చూసుకోవాలి” అన్నాడు. యజమాని కాసేపు లెక్కేసుకుని మొదటి ధరకే ఒప్పుకున్నాడు. సగం ముందుగా, సగం అప్పగించిన రోజున. జీఎస్టీ అదనం.

ఇంకో ప్రశ్న తర్వాత వస్తుంది. పని పదిహేను రోజుల్లో అయిపోయిందని తెలిశాక “పదిహేను రోజులకు మూడు లక్షలా?” అంటారు. 9 లక్షల అంకె ముందే ఆయన నోటి నుంచి వచ్చి, కాగితం మీద ఉంటే దీనికి జవాబు తేలిక. పని అయ్యాక విలువ గురించి చెప్పబోతే ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది.

నష్టపోయే అవకాశం ప్రోగ్రామర్‌కూ ఉంది. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి సమాచారం సరిగా రాక పని 267 గంటలకు చేరిందంటే, 3,20,000 అన్నది గంటకు సుమారు 1,200 అవుతుంది. అక్కడి నుంచి ప్రతి గంటా చేతి నుంచే. అందుకే ఏ రిపోర్టులు, ఏ కంపెనీలు, ఎన్ని కంప్యూటర్లు అన్నది ప్రతిపాదనలో విడివిడిగా రాసుకోవాలి. “ఎలాగూ చేస్తున్నారు కదా, సేల్స్ కుర్రాళ్ల ఇన్సెంటివ్ లెక్క కూడా ఇందులోనే పెట్టేయండి” అన్న మాట రెండో వారంలో తప్పకుండా వస్తుంది. అది వేరే లాభం, వేరే ధర.

వచ్చినదాంట్లో మూడో వంతు

“ముందు మూడు లక్షలెందుకు? క్లెయిముల్లో అదనంగా ఎంత వస్తే అందులో ఇంత శాతం తీసుకోండి” అనే యజమానులూ ఉంటారు. వినడానికి ఇద్దరికీ న్యాయంగానే ఉంటుంది. ఈ పద్ధతికి రెండు వందల ఏళ్లు దాటిన అనుభవం ఉంది. దాన్ని పెద్ద ఎత్తున నడిపింది ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్, అతని భాగస్వామి మాథ్యూ బోల్టన్.

1775లో వాళ్ల భాగస్వామ్యం మొదలైంది. వాట్ పేటెంటు 1800 దాకా చెల్లేలా బ్రిటిష్ పార్లమెంటు అదే ఏడాది చట్టం చేసింది. వాళ్ల ముఖ్యమైన గిరాకీ కార్న్‌వాల్‌లోని రాగి, తగరం గనుల నుంచి. గనుల్లో ఊరే నీటిని తోడాలి. అప్పటిదాకా వాడుకలో ఉన్న న్యూకమెన్ యంత్రానికి బొగ్గు విపరీతంగా కావాలి. కార్న్‌వాల్‌లో బొగ్గు లేదు, వేల్స్ నుంచి ఓడల మీద రావాలి. వాట్ యంత్రం అదే పనిని చాలా తక్కువ బొగ్గుతో చేసేది. బోల్టన్, వాట్ యంత్రాన్ని ఖరీదు కట్టి అమ్మలేదు. భాగాలు చాలావరకు గని యజమానులే కొనుక్కునేవారు. వీళ్లు నక్షాలు, కీలకమైన భాగాలు, బిగించే మనుషుల్ని ఇచ్చేవారు. ప్రతిఫలంగా పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడో వంతు అడిగారు.

చిక్కులు వెంటనే మొదలయ్యాయి. మిగిలింది ఎంత అని చెప్పాలంటే పాత యంత్రం ఎంత తినేదో తేలాలి. దానికోసం పాత యంత్రాల మీద పరీక్షలు చేసి ఒక కొలమానం పెట్టుకున్నారు. కొత్త యంత్రం ఎంత పనిచేసిందో తెలియడానికి దూలం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే మీటరు బిగించి, తాళం వేసి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకున్నారు. రాగి ధర పడిపోయినప్పుడు గనులకు లాభమే లేకుండా పోయింది. బొగ్గు మిగిలిన మాట నిజమే, వాటా కట్టాల్సిన మాటా నిజమే, కట్టడానికి మాత్రం డబ్బు లేదు. బకాయిలు పెరిగాయి, ఇతరులు అలాంటి యంత్రాలే కట్టారు, కేసులు నడిచాయి. 1799లో తీర్పు వాట్ పక్షాన వచ్చేసరికి పేటెంటుకు ఒక్క ఏడాదే మిగిలింది. కల్లం దగ్గర పంట పంచుకునే కౌలుకు ఉన్న తగువులన్నీ ఈ పద్ధతికీ ఉన్నాయి.

తర్వాత మిల్లుల్లో చక్రాలు తిప్పే యంత్రాలు వచ్చాయి. వాటితో పోల్చడానికి పాత బొగ్గు ఖర్చు లేదు, చాలాచోట్ల అంతకుముందు ఆ పని చేసింది గుర్రాలు. అప్పుడు బోల్టన్, వాట్ వాటా మాట వదిలి, గుర్రపు శక్తికి ఏడాదికి 5 పౌండ్లు, లండన్‌లో 6 పౌండ్లు అని నికరమైన ధర పెట్టారు. అందులోనూ ఉన్నది కొనేవాడి లాభమే, ఎన్ని గుర్రాలు తప్పుతాయి అన్నదే. కానీ ధర ముందే ఖాయమవుతుంది. తాళంచెవుల అవసరం లేదు.

మన ప్రోగ్రామర్‌కూ ఇదే నయం. శాతం తీసుకుంటే ప్రతినెలా యజమాని ఖాతాలు చూడాలి. కంపెనీలు నిబంధనలు సడలించి క్లెయిములు పెరిగితే అది ఎవరి ఘనతో తేలదు. లక్షన్నర బాకీ కోసం కోర్టుకు వెళ్లే స్తోమత ఒంటరి మనిషికి ఉండదు. విలువను చూసి ధర కట్టాలి, కానీ కట్టిన ధర నికరంగా ఉండాలి. కొన్ని వృత్తుల్లో వాటా పద్ధతిని నిబంధనలే ఒప్పుకోవు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడాన్ని న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. లాభంలో శాతంగా ఫీజు తీసుకోవడం చార్టర్డ్ అకౌంటెంట్లకు కొన్ని మినహాయింపులు తప్ప కుదరదు.

ఎక్కడ పనికిరాదు

ఇదే సాఫ్ట్‌వేర్ నలుగురు చేసి అమ్ముతుంటే ఈ లెక్కంతా కూలిపోతుంది. అప్పుడు రెండో మార్గం గుమాస్తా కాదు, పక్కవాడి సాఫ్ట్‌వేర్. లాభం 9 లక్షలే అయినా పైకప్పు పక్కవాడి ధర దగ్గరకు దిగుతుంది. క్లయింటు ముందే అన్నీ నిర్ణయించుకుని, ఇవి చేయడానికి ఎంత అని ముగ్గురిని అడుగుతున్నాడంటే మీరు ఆ స్థితిలోనే ఉన్నారు.

మాట్లాడుతున్న మనిషి ఎవరన్నదీ చూడాలి. నష్టం అంకె అడిగితే “అవన్నీ మీకెందుకు, గంటకెంతో చెప్పండి” అనేవాడు తరచుగా ఆ నష్టం తన జేబులోంచి పోని మనిషి. అక్కౌంట్స్ మేనేజరుకు మిగిలే 9 లక్షలు కనపడవు, అతని బడ్జెట్లోంచి పోయే 3 లక్షలే కనపడతాయి. యజమానిని కలిసేదాకా ధర చెప్పకపోవడం మేలు. కలవడం కుదరకపోతే గంటల లెక్కకే చేసి పెట్టొచ్చు, అదేమీ నామోషీ కాదు.

ఈ లెక్క కిందికీ పనిచేస్తుంది. నెలకు అరవై లక్షల వ్యాపారం చేసే చిన్న డిస్ట్రిబ్యూటర్ ఇదే పని అడిగాడనుకోండి. అతనికి ఏడాదికి మిగిలేది లక్ష, లక్షంపావు. పడే గంటలు మాత్రం అవే నూట ఇరవై. పైకప్పు నేలకన్నా కిందికి దిగింది, అంటే ఇద్దరికీ గిట్టే ధర అన్నదే లేదు. అతని దగ్గర 1,44,000 తీసుకుంటే గంటల లెక్కలో న్యాయంగానే ఉంటుంది, కానీ మొదటి ఏడాది అతను నష్టపోతాడు. అలాంటివాళ్లు పదిమంది దొరికితే ఒకే సాఫ్ట్‌వేర్ చేసి నెలకింత అద్దెకు ఇవ్వొచ్చు. ఒక్కడే ఉంటే, గుమాస్తా చేత గోడ క్యాలెండరు మీద కంపెనీల గడువు తేదీలు రాయించమని సలహా చెప్పి, ఆ పని ఒప్పుకోకుండా రావడమే సరైన ధర.